ప్రహరీ గోడకు ఊపిరాడే సందు: ఎంత బోర్డు, ఎంత సీలెంట్?

కొత్తగా కట్టిన పొడవాటి ప్రహరీ మీద మొదటి వేసవి దాటగానే పగుళ్లు కనిపిస్తాయి. పిల్లర్ పక్కనుంచి పైకి పాకిన సన్నటి గీత ఒకటి, కోపింగ్ మీద అడ్డంగా మరొకటి, మూల దగ్గర పెచ్చులూడిన ప్లాస్టరింగ్. యజమాని సిమెంటు తక్కువైందంటాడు. మేస్త్రీ క్యూరింగ్ సరిగ్గా జరగలేదంటాడు. ఆ రెండింటిలోనూ కొంత నిజం ఉండొచ్చు. కానీ పగుళ్లు దాదాపు సమాన దూరాల్లో వచ్చాయంటే అసలు సంగతి వేరు. గోడ ఎండకు సాగింది, చలికి ముడుచుకుంది, ఆ కదలికకు ఎవరూ చోటు వదల్లేదు. అందుకని తనకు వీలైన చోట తానే సందు చేసుకుంది.

ఆ సందును మనమే ముందుగా, తిన్నగా, అనుకున్న చోట వదిలితే దాన్ని ఎక్స్‌పాన్షన్ జాయింట్ అంటారు. అందులో దూర్చేది ఫిల్లర్ బోర్డు, బయటి అంచున పూసేది సీలెంట్. ఎస్టిమేట్‌లో ఈ రెండూ చివరి వరుసల్లో చిన్న మొత్తాలుగా కనిపిస్తాయి. అందుకే వాటి లెక్క చాలాసార్లు అంచనా మీదే నడిచిపోతుంది. పని సగంలో సరుకు అయిపోవడం, లేదా ఖరీదైన సీలెంట్ అవసరానికి రెండింతలు ఖర్చవడం అక్కడే మొదలవుతుంది.

ముందు గోడ ఎంత కదులుతుందో చూడాలి. సిమెంటు బ్లాకులతో కట్టిన గోడ, దాని కాంక్రీటు పిల్లర్లు ఒక డిగ్రీ వేడెక్కితే మీటరు పొడవుకు సుమారు మిల్లీమీటరులో వందో వంతు పెరుగుతాయి. మట్టి ఇటుక గోడ అందులో సగానికి కాస్త ఎక్కువగా పెరుగుతుంది. వినడానికి ఇది లెక్కలోకి రానంత చిన్నది. కానీ రెంటచింతల, రామగుండం లాంటి చోట్ల మే నెల మధ్యాహ్నం గోడ ముట్టుకుంటే చెయ్యి కాలుతుంది. గాలి వేడి కన్నా గోడ వేడి చాలా ఎక్కువ. జనవరి తెల్లవారుజాముకూ, మే మధ్యాహ్నానికీ మధ్య గోడ ఒంట్లో 40 డిగ్రీల తేడా ఉంటుందని లెక్క వేసుకోవడం సబబే. 15 మీటర్ల బ్లాకు గోడ ఆ తేడాకు 6 మిల్లీమీటర్లు కదులుతుంది. జాయింటే లేని 120 మీటర్ల గోడ 48 మిల్లీమీటర్లు కదలాలని చూస్తుంది. కింద పునాది దాన్ని పట్టి ఉంచుతుంది, పై భాగం లాగుతుంది. పగులు పుట్టేది ఈ పెనుగులాటలోనే.

కాంక్రీటు కట్టడాలకు ప్రామాణికమైన ఐఎస్ 456 (2000 సంచిక) 45 మీటర్లకు మించిన పొడవుకు ఎక్స్‌పాన్షన్ జాయింట్ ఇవ్వమంటుంది. అది భవనాలను దృష్టిలో పెట్టుకుని చెప్పిన మాట. పైకప్పు నీడ లేకుండా రెండు వైపులా ఎండకు నిలబడే ప్రహరీకి ఆ దూరం ఎక్కువ. ఎంత దూరానికి ఒకటి అన్నది గోడ దేనితో కట్టారు, నేల ఎలాంటిది అన్నదాన్ని బట్టి ఇంజనీరు తేలుస్తాడు. ఇక్కడ ఉదాహరణకు 15 మీటర్లకు ఒకటి, 20 మిల్లీమీటర్ల వెడల్పు అనుకుందాం.

గుంటూరు దగ్గర మిర్చి నిల్వ చేసే కోల్డ్ స్టోరేజీ కడుతున్నారనుకుందాం. స్థలం 120 మీటర్ల పొడవు, 60 మీటర్ల వెడల్పు. చుట్టుకొలత 360 మీటర్లు. గోడ మందం 230 మిల్లీమీటర్లు, అంటే వాడుకలో తొమ్మిదంగుళాల గోడ. రెండు వైపులా 15 మిల్లీమీటర్ల చొప్పున ప్లాస్టరింగ్. నేల మీద గోడ ఎత్తు 2.4 మీటర్లు, నేల కింద ఫుటింగ్ పైభాగం దాకా మరో 0.6 మీటర్లు.

జాయింట్లు ఎన్నో లెక్కపెట్టడంలోనే మొదటి పొరపాటు దొర్లుతుంది. తిన్నటి గోడను ఎనిమిది ముక్కలు చేస్తే మధ్యలో ఏడు జాయింట్లే వస్తాయి. చుట్టూ తిరిగి కలిసే ప్రహరీలో మాత్రం ముక్కలెన్నో జాయింట్లన్నే. 360ని 15తో భాగిస్తే 24. గేటు ఒక జాయింటు ఉండాల్సిన చోట పడితే అక్కడ గోడే లేదు కాబట్టి అది తగ్గి 23 అవుతుంది. ఇంకో సంగతి: 120, 60 రెండూ 15తో నిశ్శేషంగా పోతాయి కదా అని మూల దగ్గర మొదలుపెడితే నాలుగు జాయింట్లు సరిగ్గా నాలుగు మూలల మీద పడతాయి. మూలకు ఏడున్నర మీటర్ల దూరంలో మొదటిది పెట్టి అక్కణ్ణుంచి కొలుచుకుంటూ పోతే లెక్క మారదు, మూల మాత్రం దృఢంగా నిలుస్తుంది.

ప్రతి జాయింట్ దగ్గరా ఒకే ఫుటింగ్ మీద రెండు పిల్లర్లు పక్కపక్కనే లేస్తాయి. ఫుటింగ్‌ను కోయక్కర్లేదు. భూమిలో ఎండ తగలదు కాబట్టి అక్కడ వేడి తేడా తక్కువ. ఫుటింగ్ మీది నుంచి కోపింగ్ పై అంచు దాకా మాత్రం సందు ఎక్కడా తెగకూడదు. ప్లింత్ బీమ్ కూడా అక్కడ రెండుగా విడిపోవాల్సిందే.

ఫిల్లర్ బోర్డు పని ఇక్కడ మొదలవుతుంది. మొదటి పిల్లర్ పోసి, గట్టిపడ్డాక దాని ముఖానికి బోర్డు అంటించి, దాన్నే ఒక వైపు షట్టరింగ్‌గా వాడి రెండో పిల్లర్ పోస్తారు. అంటే పచ్చి కాంక్రీటు ఒత్తిడిని బోర్డు తట్టుకోవాలి. ఆ తర్వాత ఏళ్ల తరబడి, గోడ సాగినప్పుడు నలిగి, ముడుచుకున్నప్పుడు మళ్లీ లేవాలి. నలిగినప్పుడు పక్కలకు ఉబ్బి సీలెంట్‌ను బయటికి తోయకూడదు. తారు పట్టించిన పీచు బోర్డును ఇందుకే వాడతారు. దాని ప్రమాణం ఐఎస్ 1838 మొదటి భాగం. అదే ప్రమాణంలోని మరో భాగం కొబ్బరి పొట్టును జీడిపెంకు నూనెతో చేసిన రెసిన్‌తో కలిపి ఒత్తిన బోర్డుకు కేటాయించారు. కోనసీమ, పలాస ఉన్న నేల మీద ఆ సంగతి చెప్పుకోదగ్గదే. మూసిన గాలిగదులుండే పాలిథిన్ ఫోమ్ బోర్డులు కూడా దొరుకుతాయి. చౌకగా వస్తుందని మామూలు థర్మోకోల్ పెట్టేవాళ్లూ ఉన్నారు. కాంక్రీటు పోస్తుండగా అది ఒక చోట నలిగి, ఒక చోట విరిగి, ఆ విరిగిన చోట రెండు పిల్లర్లూ కలిసిపోతాయి. అరచేతి వెడల్పున కలిసినా చాలు, ఆ జాయింటు ఉన్నా లేనట్టే.

ఇక బోర్డు వెడల్పు. గోడ మందం 230 కాబట్టి బోర్డూ 230 అని చాలామంది రాసేస్తారు. నేల కింద అది సరే. పైన మాత్రం రెండు అంచుల్లోనూ సీలెంట్‌కు చోటు వదలాలి. సీలెంట్ మందం 10 మిల్లీమీటర్లు. దాని వెనక ఆసరాగా పెట్టే గుండ్రటి ఫోమ్ తాడు, అంటే బ్యాకర్ రాడ్, మరో 25. మొత్తం 35 మిల్లీమీటర్ల లోతు. అందులో 15 ప్లాస్టరింగ్ మందంలోనే వచ్చేస్తుంది. మిగతా 20 పిల్లర్ లోపలికి పోవాలి. రెండు వైపులా 20 చొప్పున తీసేస్తే బోర్డు వెడల్పు 190 మిల్లీమీటర్లు. పిల్లర్ పోసేటప్పుడు ఆ రెండు అంచుల్లో 20 మిల్లీమీటర్ల పట్టీలను పాలిథిన్ కాగితం చుట్టి పెడతారు, తర్వాత లాగేస్తారు. ఈ పట్టీల మాట ముందే చెప్పకపోతే బోర్డును అంచుదాకా నింపేస్తారు. ఆనక ఉలితో చెక్కి లోతు తీయాల్సి వస్తుంది, పిల్లర్ అంచులు పెచ్చులూడతాయి.

ఒక్కో జాయింటుకు పైన 2.4 మీటర్ల పొడవు, 0.19 వెడల్పు. కింద 0.6 పొడవు, 0.23 వెడల్పు. రెండూ కలిపితే 0.594 చదరపు మీటర్లు. 23 జాయింట్లకు 13.66 చదరపు మీటర్లు. బోర్డు 8 అడుగులు, 4 అడుగుల షీటుగా వస్తే ఒక్కోటి దాదాపు 2.98 చదరపు మీటర్లు. భాగిస్తే 4.6. ఐదు షీట్లు చాలనిపిస్తుంది.

కాగితం మీద చాలతాయి. రంపం కింద చాలవు. 1220 మిల్లీమీటర్ల వెడల్పులో 190 పట్టీలు ఆరు వస్తాయి, దాదాపు 80 మిల్లీమీటర్ల పేలిక మిగులుతుంది. నాలుగు షీట్లకు 24 పట్టీలు. మనకు కావాల్సినవి 23. బాగుంది. నేల కింద పెట్టే 230, 600 ముక్కలు మాత్రం ఒక షీటుకు 20 మాత్రమే వస్తాయి. ఇంకా మూడు తక్కువ. అంటే ఆరో షీటు కావాలి. మిగిలిన ఒక్క పట్టీని నాలుగుగా కోసి, పేలికలను పక్కన అతికించి ఆ మూడు ముక్కలూ చేసుకునే నేర్పరి వడ్రంగి ఉంటే ఐదుతో సరిపెడతాడు. కానీ అతుకు దగ్గర సిమెంటు పాలు కారి గట్టిపడే ప్రమాదం ఉంది. పైగా లారీ నుంచి దించేటప్పుడు ఒక షీటు మూల విరగడం మామూలే. ఆరు షీట్లు తెప్పించడమే తెలివైన పని. చదరపు మీటర్లలో కొలిచి పదిశాతం వేస్టేజీ కలిపేసే పద్ధతి కన్నా, షీటు బొమ్మ గీసి అందులో పట్టీలు గీసుకుని లెక్కపెట్టడమే నమ్మదగింది.

సీలెంట్ లెక్క దీనికి పూర్తిగా వేరు. బోర్డును వైశాల్యంతో కొలుస్తాం, సీలెంట్‌ను సందు పొడవుతో, దాని కోతతో కొలుస్తాం. గోడకు లోపల 2.4 మీటర్లు, బయట 2.4 మీటర్లు, కోపింగ్ మీద అడ్డంగా 0.3 మీటర్లు. జాయింటుకు 5.1 మీటర్లు. కోపింగ్ మీది ఆ అడుగు ముక్కను మర్చిపోతే వాన నీళ్లు నేరుగా బోర్డులోకి దిగుతాయి. 23 జాయింట్లకు మొత్తం 117.3 మీటర్లు. 20 వెడల్పు, 10 లోతు ఉన్న సందుకు మీటరు పొడవున పట్టేది 200 మిల్లీలీటర్లు. అంటే 23.5 లీటర్లు. గన్నులో, డబ్బాలో, టేపు మీద మిగిలిపోయే పదోవంతు కలిపితే దాదాపు 26 లీటర్లు. 600 మిల్లీలీటర్ల సాసేజ్ ప్యాకెట్లయితే 44.

సందు 20 వెడల్పుంటే లోతు 10 ఎందుకు, 20 ఎందుకు కాదు? డబ్బు మిగలడానికి కాదు. సీలెంట్ రెండు పక్క గోడలను పట్టుకుని రబ్బరులా సాగాలి. మధ్యలో పలచగా ఉంటే తేలిగ్గా సాగుతుంది. మందంగా దిమ్మెలా ఉంటే సాగలేక అంచుల దగ్గర ఊడుతుంది. ఈ వెడల్పు జాయింట్లకు వెడల్పులో సగం లోతు అన్న కొలత అందుకే పాటిస్తారు. మరో షరతు, అది వెనక వైపు దేనికీ అంటుకోకూడదు. మూడు వైపులా అంటుకుంటే కదలడానికి వీల్లేక చిరుగుతుంది. బ్యాకర్ రాడ్ చేసే మేలు ఇదే. సీలెంట్ దాన్ని గట్టిగా పట్టుకోదు, పైగా తారు బోర్డు సీలెంట్‌కు తగలకుండా అడ్డుగా నిలుస్తుంది. 20 సందుకు 25 మిల్లీమీటర్ల రాడ్ తీసుకోవాలి, అప్పుడే నొక్కి దూరిస్తే జారకుండా నిలుస్తుంది. పొడవు మళ్లీ అదే 117 మీటర్లు, కోతలకు కలిపి 125 తెప్పిస్తే చాలు.

రాడ్ ధర సీలెంట్ ముందు ఏ పాటిదీ కాదు. అయినా సైట్లలో మొదట ఎగిరిపోయే వస్తువు అదే. అది లేకుండా 35 మిల్లీమీటర్ల లోతంతా సీలెంట్‌తో నింపితే మీటరుకు 700 మిల్లీలీటర్లు పోతాయి. 23.5 లీటర్లతో అయ్యే పనికి 82 లీటర్లు. అంత ఖర్చు పెట్టీ, ముందే ఊడిపోయే జాయింట్ చేతికొస్తుంది.

కొనేటప్పుడు దొర్లే ఇంకో పెద్ద పొరపాటు కిలోలకూ లీటర్లకూ మధ్య ఉంటుంది. రెండు భాగాలు కలిపి వాడే పాలీసల్ఫైడ్ సీలెంట్, దాని ప్రమాణం ఐఎస్ 12118, చాలాచోట్ల కిలోల డబ్బాల్లో అమ్ముతారు. అది నీళ్ల కన్నా బాగా బరువు. లీటరు సుమారు 1.65 కిలోలు తూగుతుంది, కచ్చితమైన అంకె డబ్బాతో వచ్చే కాగితం మీద ఉంటుంది. మన 26 లీటర్లంటే 43 కిలోలు. లెక్క లీటర్లలో వేసి ఆర్డరు కిలోల్లో 26 అని రాస్తే వచ్చేది 16 లీటర్ల లోపు సరుకు. పద్నాలుగో జాయింటు దగ్గర డబ్బా ఖాళీ. మళ్లీ తెప్పించేసరికి వేరే బ్యాచ్, కాస్త వేరే రంగు. తొమ్మిది జాయింట్లు రోడ్డు మీదికి తేడాగా కనబడుతూనే ఉంటాయి.

పై లెక్కంతా సందు నిజంగా 20 ఉంటేనే. సైట్లో అలా ఉండదు. కింద 20, నడుమ 23, పైన 25 ఉండటం సర్వసాధారణం. 25 వెడల్పుకు లోతు పన్నెండున్నర చేయాలి, అంటే మీటరుకు 312 మిల్లీలీటర్లు. వెడల్పు నాలుగో వంతు పెరిగితే సరుకు సగానికి మించి పెరిగింది. అందుకే బోర్డును డ్రాయింగ్ చూసి తెప్పించొచ్చు గానీ, సీలెంట్‌ను ప్లాస్టరింగ్ అయ్యాక ప్రతి జాయింటునూ మూడు ఎత్తుల్లో కొలిచి, సగటు చూసుకున్నాకే ఆర్డరు పెట్టాలి. సీలెంట్‌కు నిల్వ గడువు కూడా ఉంటుంది, ఏడాది ముందే తెచ్చి రేకుల షెడ్డులో పెడితే పనికిరాకుండా పోవచ్చు.

పూసే వేళ కూడా చూసుకోవాలి. మంచి సీలెంట్ తాను పూసిన నాటి వెడల్పులో నాలుగో వంతు దాకా సాగడానికీ నలగడానికీ తట్టుకుంటుంది. మే మధ్యాహ్నం గోడ పూర్తిగా సాగి ఉన్నప్పుడు సందు 17 మిల్లీమీటర్లకు ఇరుక్కుని ఉంటుంది. అప్పుడు పూస్తే శీతాకాలానికి అది 6 మిల్లీమీటర్లు సాగాలి, మూడో వంతు దాటిపోయింది. ఫిబ్రవరి ఉదయం, మంచు తడి ఆరాక పూస్తే సందు వెడల్పుగా ఉంటుంది. ఆ తర్వాత సీలెంట్ ఎక్కువగా నలగడమే తప్ప సాగడం తక్కువ. సాగడం కన్నా నలగడాన్ని అది బాగా ఓర్చుకుంటుంది. బ్లాకు గోడ మొదటి నెలల్లో ఆరుతూ కాస్త కుంచించుకుపోతుంది కాబట్టి, కట్టిన వెంటనే కాకుండా వీలైనంత ఆలస్యంగా పూయడమూ మంచిదే.

ఇదే లెక్కను గోదాము నేలకు యథాతథంగా వాడితే తప్పవుతుంది. పెద్ద ఫ్లోర్‌లో నాలుగైదు మీటర్లకొకటి కనిపించే గీతలు ఎక్స్‌పాన్షన్ జాయింట్లు కావు. కాంక్రీటు ఆరుతూ కుంచించుకునేటప్పుడు పగులు తిన్నగా రావడానికి మందంలో నాలుగో వంతు లోతున రంపంతో కోసిన గాట్లు అవి. వాటిలో బోర్డు ఉండదు. బోర్డు వచ్చేది నేల గోడను తాకే అంచు వెంట, ప్రతి పిల్లర్ చుట్టూ. 40 మీటర్ల పొడవు, 24 మీటర్ల వెడల్పు ఫ్లోర్‌కు అంచు 128 మీటర్లు. లోపల 45 సెంటీమీటర్ల చదరపు పిల్లర్లు పది ఉంటే ఒక్కోటికి 1.8 మీటర్లు, మొత్తం 18 మీటర్లు. ఈ పిల్లర్ల పొడవే ఎస్టిమేట్లలో ఎప్పుడూ జారిపోతుంది. ఇక్కడ సీలెంట్ ఒక్క పై ముఖానికే. గన్నుతో ఎక్కించేది కాక పోస్తే పరుచుకునే రకం వాడతారు. ఫోర్క్‌లిఫ్ట్ చక్రం తగిలి ఊడకుండా నేల మట్టానికి రెండు మూడు మిల్లీమీటర్లు దిగువన ఆపుతారు.

మళ్లీ ప్రహరీ దగ్గరికొస్తే, బోర్డూ సీలెంటూ లెక్క ప్రకారం వచ్చినా జాయింటు పని చేయకపోవడానికి మామూలుగా దొరికే కారణం ప్లాస్టరింగ్. పూత మేస్త్రీ తాపీ ఎత్తకుండా సందు మీదుగా లాగేస్తాడు. తర్వాత గ్రైండర్‌తో గీత కోస్తారు, చూడ్డానికి జాయింటులాగే ఉంటుంది. పరీక్ష సులువు. పాత హాక్సా బ్లేడు తీసుకుని సందులోకి నెడితే అది మెత్తగా రాడ్‌కు గానీ బోర్డుకు గానీ తగలాలి. టక్కుమని ఆగితే లోపల సిమెంటు ఉన్నట్టే. సందుకు రెండు వైపులా చెక్క పట్టీ పెట్టి అక్కడికే పూత ఆపించడం మొదటి రోజునుంచే జరగాలి. కోపింగ్‌ను మాత్రం ఏకధాటిగా పోసేసి, లేదా పైన ఫెన్సింగ్ కోసం ఇనుప యాంగిల్‌ను జాయింటు మీదుగా వెల్డింగ్ చేసి, కింద చేసిన పనంతా వృథా చేసిన గోడలూ ఉన్నాయి.

సీలెంట్ ఎలా పాడైందో దాని వాలకమే చెబుతుంది. ఒక పక్క గోడ నుంచి శుభ్రంగా విడిపోతే ఆ అంచున దుమ్మో తేమో ఉంది, లేదా ప్రైమర్ పూయలేదు. సీలెంట్ వెనక ఇసుక పొర అంటుకుని వస్తే ప్లాస్టర్ అంచే బలహీనంగా ఉంది. నడిమధ్యలో నిలువునా చిరిగితే మందం ఎక్కువైంది, వెనక అంటుకుంది, లేదా సందు దాని ఓపికకు మించి తెరుచుకుంది. పని అప్పగించుకునే ముందు ఒక చోట అడ్డంగా కోసి, రెండు అంచుల వెంట రెండంగుళాలు చీల్చి, ఆ తోకను పట్టుకుని లాగి చూడటం అలవాటు చేసుకోవాలి. బాగా పట్టింది అయితే అంచు వదలకుండా సాగుతుంది. కోసిన చోట మళ్లీ పూస్తే సరి.

కొన్నేళ్లకు సీలెంట్ గట్టిపడి మార్చాల్సి వచ్చినప్పుడు లెక్కలోకి బోర్డు రాదు. లోపలిది అలాగే ఉంటుంది. పాతది కత్తితో కోసి తీసి, అంచులను గ్రైండర్‌తో పల్చగా రుద్ది, కొత్త రాడ్ పెట్టి పూయాలి. రుద్దినందుకు సందు ఒకటి రెండు మిల్లీమీటర్లు పెరుగుతుంది. 20 ఉన్నది 22 అయితే, లోతు 11కు మీటరుకు 242 మిల్లీలీటర్లు పడుతుంది. అదే 117.3 మీటర్లకు, వేస్టేజీ కలిపితే, ఈసారి 26 లీటర్లు చాలవు, 31కి పైగా కావాలి. పాతది సిలికోన్ అయితే దాని ఛాయ అంచుల మీద మిగిలినంతకాలం కొత్త పాలీసల్ఫైడ్ అతుక్కోదు. కాబట్టి మొదటిసారి ఏ రకం వాడారో ఆ డబ్బా పేరు, బ్యాచ్ నంబరు ప్రహరీ డ్రాయింగ్ మీదే రాసి ఉంచుకోవాలి.